టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటి మాత్రలు వాడుతూ బిడ్డ కోసం చూస్తున్నవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ సూర్యారావుపేటలోనైనా, గుంటూరు కొత్తపేటలోనైనా బీపీ కోసం ఫిజీషియన్ దగ్గరకు వెళ్ళే ఆడవాళ్ళలో ముప్ఫై ఏళ్ళ లోపు వాళ్ళూ చాలామందే ఉంటున్నారు. బీపీ చూసే డాక్టరు ఒకరు, గైనకాలజిస్టు ఇంకొకరు. ఇద్దరి మధ్య చీటీలు మోసేది పేషెంటే. ఈ మాత్రలు కడుపులో బిడ్డకు హాని చేయగలవు కాబట్టి, సాధారణంగా గర్భం రాకముందే వీటిని మార్చుకోవాలి. కింది ప్రశ్నలు ఎక్కువగా ఆ ఇద్దరి మధ్య ఖాళీలోంచి వచ్చినవి.

నేను వేసుకునేది ఈ రకం మాత్రేనా? ఎలా తెలుసుకోవాలి?

స్ట్రిప్ మీద పెద్దక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. దాన్ని వదిలేసి కింద చిన్నక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చూడండి. చివర "ప్రిల్" అని ఉంటే (ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్, పెరిండోప్రిల్) అది ఏస్ ఇన్హిబిటర్. "సార్టన్" అని ఉంటే (టెల్మిసార్టన్, లోసార్టన్, ఓల్మెసార్టన్, వాల్సార్టన్) అది రిసెప్టర్ బ్లాకర్. మన దగ్గర ఎక్కువగా కనిపించేది టెల్మిసార్టనే.

చిక్కల్లా జోడు మాత్రలతోనే. బ్రాండు పేరు పక్కన ఏఎం అనో, హెచ్ అనో, సీటీ అనో ఉంటే లోపల ఇంకో మందు కూడా కలిసి ఉందని అర్థం. మందుల షాపులో స్ట్రిప్ కత్తిరించి నాలుగు మాత్రలు ఇస్తే ఆ ముక్క మీద పేరు సగమే మిగులుతుంది. అందుకే ఒక్కసారైనా పూర్తి స్ట్రిప్ కొని, వెనకవైపు ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. "తెల్లగా, గుండ్రంగా ఉండే బీపీ బిళ్ళ" అని చెబితే ఏ డాక్టరూ పోల్చుకోలేరు.

నాకు బీపీ లేదు. షుగర్ డాక్టరు కిడ్నీల కోసమని రామిప్రిల్ రాశారు. ఇది నాకూ వర్తిస్తుందా?

వర్తిస్తుంది. మందును ఎందుకు రాశారన్నది బిడ్డకు సంబంధం లేని విషయం. షుగర్ వల్ల మూత్రంలో ప్రోటీన్ పోతున్నవాళ్ళకు, లూపస్ వల్ల కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకు, గుండె కండరం బలహీనపడ్డవాళ్ళకు ఇవే మందులు ఇస్తారు. ఇలాంటివాళ్ళు "నాకు బీపీ మాత్రలేమీ లేవండీ" అని గైనకాలజిస్టుకు చెప్పేస్తారు. అది అబద్ధం కాదు, వాళ్ళు దాన్ని బీపీ మాత్ర అనుకోవడం లేదు, అంతే. అందుకే నోటిమాటగా చెప్పకుండా వేసుకునే మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్ళి బల్ల మీద పెట్టడం మంచిది.

అసలు ఈ మందు కడుపులో బిడ్డకు ఏం చేస్తుంది?

మన ఒంట్లో రక్తపోటును పైకి లాగే యాంజియోటెన్సిన్ అనే పదార్థం ఉంటుంది. ఈ మందుల్లో ఒక రకం దాన్ని తయారు కానివ్వదు, రెండోది తయారైనదాన్ని పనిచేయనివ్వదు. పెద్దవాళ్ళకు అది మేలు. కడుపులో బిడ్డ సంగతి వేరు.

బిడ్డ రక్తపోటు చాలా తక్కువగా ఉంటుంది. అంత తక్కువ పోటుతో కిడ్నీలో రక్తం వడకట్టబడాలంటే, వడపోత నుంచి బయటకు వెళ్ళే సన్నని రక్తనాళం కాస్త బిగుసుకోవాలి. నీళ్ళ గొట్టం చివర వేలు అడ్డంపెడితే లోపల ఒత్తిడి పెరుగుతుంది కదా, అలాగే. ఆ బిగింపు ఇచ్చేది యాంజియోటెన్సినే. కిడ్నీలోని సన్నని గొట్టాలు సరిగ్గా ఎదగడానికి కూడా అది కావాలి. తల్లి వేసుకున్న మందు మాయ దాటి బిడ్డకు చేరి ఆ బిగింపును తీసేస్తే, బిడ్డ మూత్రం తగ్గిపోతుంది, ఒక్కోసారి పూర్తిగా ఆగిపోతుంది.

కడుపులో బిడ్డ మూత్రం ఆగితే ఏమవుతుందని చాలామంది అడుగుతారు. నాలుగో నెల దాటాక ఉమ్మనీరులో ఎక్కువ భాగం బిడ్డ మూత్రమే. బిడ్డ ఆ నీటిని లోపలికి పీల్చి వదులుతూ ఉంటేనే ఊపిరితిత్తులు పెరుగుతాయి. కాళ్ళూ చేతులూ కదలడానికి చోటు ఇచ్చేదీ అదే. నీరు పోతే ఊపిరితిత్తులు చిన్నవిగా ఉండిపోతాయి, కీళ్ళు బిగుసుకుపోతాయి. ఈ మందుల విషయంలో పుర్రె ఎముకలు సరిగ్గా గట్టిపడకపోవడం కూడా చూశారు. పుట్టాక బీపీ బాగా పడిపోయి, మూత్రం రాక బిడ్డ దక్కని సందర్భాలూ ఉన్నాయి. 1992లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఏస్ ఇన్హిబిటర్ల మీద, నాలుగో నెల నుంచి కాన్పు వరకు వాడకూడదని గట్టి హెచ్చరిక పెట్టించింది.

ఇంత జరుగుతున్నా తల్లికి ఏమీ తెలియకపోవడమే ఇందులో అసలు ప్రమాదం. వాంతి ఉండదు, నొప్పి ఉండదు, పైగా బీపీ అంకెలు చక్కగా ఉంటాయి. "మందు బాగా పడింది" అనుకుంటూ అదే కొనసాగిస్తారు.

ప్రమాదం నాలుగో నెల నుంచి అయితే, నెల తప్పాకే మార్చుకోవచ్చు కదా? ముందే ఎందుకు?

న్యాయమైన ప్రశ్నే. మొదటి మూడు నెలల సంగతి ముందు చెప్పుకుందాం. 2006లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం, తొలి నెలల్లో ఏస్ ఇన్హిబిటర్లు వాడినా బిడ్డ గుండెలో, మెదడులో లోపాలు పెరుగుతాయంది. ఆ తర్వాత ఇంకా పెద్ద సంఖ్యలో తల్లుల్ని చూసిన అధ్యయనాల్లో, తల్లికి ఉన్న బీపీనీ షుగర్నీ లెక్కలోకి తీసుకున్నాక ఆ తేడా చాలావరకు కనిపించలేదు. అంటే తొలి వారాల భయం మొదట అనుకున్నంత లేదు. అయినా ముందే మార్చమనడానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది, నెల తప్పిన సంగతి అందరికీ నాలుగో వారంలో తెలియదు. పీసీఓడీ వల్ల నెలసరి రెండు నెలలకోసారి వచ్చేవాళ్ళు పదో వారం దాకా గమనించరు. తెలిశాక కూడా గైనకాలజిస్టు అపాయింట్‌మెంటు, స్కాన్, మంచిరోజు చూసుకుని అత్తగారికి చెప్పడం, ఇవన్నీ అయ్యేసరికి మూడో నెల వచ్చేస్తుంది. బీపీ డాక్టరుకు ఆ సంగతి అప్పటికీ తెలియదు.

రెండోది నాకు ఇంకా ముఖ్యంగా అనిపిస్తుంది. మార్చిన మందు ఎవరికి ఎంత మోతాదులో సరిపోతుందో ముందుగా చెప్పలేం. ఒకరికి 100 మిల్లీగ్రాముల లాబెటలాల్ పూటకొకటి చాలు, ఇంకొకరికి అంతకు ఆరు రెట్లు కావాలి. ఈ సర్దుబాటుకు నెలా రెండు నెలలు పడుతుంది. ఆ ఎగుడుదిగుళ్ళు, వేవిళ్ళతో మాత్ర కడుపులో నిలవని రోజుల్లో కాకుండా ముందే అయిపోతే బాగుంటుంది.

మరి బదులుగా ఏం ఇస్తారు?

ప్రధానంగా మూడు. లాబెటలాల్, నెమ్మదిగా విడుదలయ్యే రకం నిఫెడిపిన్, మిథైల్‌డోపా.

లాబెటలాల్ చాలామందికి మొదటి ఎంపిక. మొదట్లో తలమీద చర్మం జివ్వుమన్నట్టు ఉండొచ్చు, గబుక్కున లేస్తే కళ్ళు తిరగొచ్చు. ఆస్తమా ఉంటే మాత్రం ఇది వద్దు. చిన్నప్పుడెప్పుడో ఆయాసం వచ్చి ఇన్‌హేలర్ వాడినా సరే, డాక్టరుకు చెప్పాలి. నిఫెడిపిన్‌తో తలనొప్పి, మొహం వేడెక్కడం, చీలమండల వాపు రావచ్చు. మిథైల్‌డోపా అందరికంటే పాతది, గర్భిణుల్లో దశాబ్దాల అనుభవం ఉన్నది, కాకపోతే మగతగా ఉంటుంది, కొందరికి మనసు దిగులుగా అవుతుంది.

జోడు మాత్రలో రెండో మందు అమ్లోడిపిన్ అయితే దాన్ని కొనసాగించే డాక్టర్లున్నారు. హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్ లాంటి నీటి మాత్రలైతే సాధారణంగా అవి కూడా తీసేస్తారు. అటెనొలాల్ మన ఊళ్ళలో ఇంకా బాగానే నడుస్తోంది. బిడ్డ ఎదుగుదల తగ్గే అవకాశం ఉంది కాబట్టి దాన్ని కూడా మార్చాలి.

మార్పు ఎలా జరుగుతుంది? ఒక ఉదాహరణ చెప్పండి.

మంగళగిరిలో ఉండే 31 ఏళ్ళ స్కూల్ టీచర్ అనుకుందాం. రెండేళ్ళుగా టెల్మిసార్టన్ 40, హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 కలిసిన మాత్ర రోజుకొకటి. ఇంట్లో బీపీ 126/80. నెలసరి క్రమంగానే వస్తోంది. ఇక బిడ్డ కోసం చూద్దామని భార్యాభర్తలు అనుకున్నారు.

ముందు పరీక్షలు. క్రియాటినిన్, పొటాషియం, షుగర్, థైరాయిడ్, ఈసీజీ, మూత్రంలో ప్రోటీన్‌కూ క్రియాటినిన్‌కూ నిష్పత్తి. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. ఎనిమిదో నెలలో మూత్రంలో ప్రోటీన్ కనిపిస్తే అది పాతదా, గుర్రపువాతానికి ముందొచ్చే ప్రీఎక్లాంప్సియానా అని తేల్చడానికి ఈ పాత అంకె ఒక్కటే ఆధారం. ముప్ఫై ఏళ్ళకే బీపీ ఎందుకొచ్చిందో ఇంతవరకు ఎవరూ వెతక్కపోతే, కిడ్నీ రక్తనాళం సన్నబడటం, అడ్రినల్ గ్రంథి తేడాలు లాంటివి వెతకాల్సింది కూడా ఇప్పుడే.

తర్వాత పాత మాత్ర ఆపి, మర్నాడు పొద్దుట నుంచే లాబెటలాల్ 100 ఉదయం, రాత్రి, తిన్నాక. గర్భనిరోధం మాత్రం ఇంకా కొనసాగాలి. పొద్దునా సాయంత్రం, మాత్రకు ముందు, ఐదు నిమిషాలు కూర్చుని, నిమిషం తేడాతో రెండుసార్లు బీపీ చూసి పుస్తకంలో రాసుకుంది. వారం తర్వాత సగటు 146/92. మోతాదు 200కు పెంచారు.

ఇంకో రెండు వారాలకు ఒక తేడా బయటపడింది. సాయంత్రాలు 130/82, పొద్దున్నే 144/92. రాత్రి ఎనిమిదింటికి మాత్ర వేసుకుని, పొద్దున్న ఏడింటికి బీపీ చూసుకుంటోంది. మధ్యలో పదకొండు గంటలు. లాబెటలాల్ ప్రభావం అంతసేపు గట్టిగా నిలవదు. ఇక్కడ కొత్త మందు చేర్చకుండా, అదే 200ను మూడు పూటలుగా, రాత్రిది పడుకునే ముందు వేసుకునేలా మార్చారు. మధ్యాహ్నం మాత్ర స్కూల్లో మర్చిపోకుండా లంచ్ బాక్సులో పెట్టుకుంది. అక్కడి నుంచి 128 నుంచి 134 మధ్య, కింది అంకె 85 లోపు నిలిచింది. ఆరో వారంలో గర్భనిరోధం ఆపమన్నారు. ఫోలిక్ యాసిడ్ అప్పటికే మొదలైంది.

పుస్తకంలో రాసుకోకుండా, క్లినిక్‌లో ఒక్కసారి చూసి "బాగానే ఉంది" అని పంపించేసి ఉంటే, పొద్దుటి అంకె ఎవరికీ కనపడేది కాదు.

మందు ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి ఎన్ని నెలలు ఆగాలి?

నెలలు అక్కర్లేదు. టెల్మిసార్టన్ కూడా సుమారు వారం రోజుల్లో పోతుంది. మనం ఆగేది కొత్త మందు మీద బీపీ కుదురుకోవడం కోసం.

గర్భంతో బీపీ ఎలాగూ తగ్గుతుందట కదా. అన్ని మందులూ ఆపేస్తే పోలా?

సగం నిజం. నాలుగైదు నెలల్లో బీపీ సహజంగానే కొంత తగ్గుతుంది. మన టీచరు లాంటివాళ్ళకు 18వ వారంలో 110/70 వచ్చి, మోతాదు తగ్గించాల్సిన అవసరం కూడా పడొచ్చు. కానీ ఏడో నెల తర్వాత మళ్ళీ ఎక్కుతుంది. 2022లో వచ్చిన చాప్ అనే అమెరికా అధ్యయనంలో, ముందునుంచీ బీపీ ఉన్న గర్భిణులకు మందులతో 140/90 లోపు ఉంచితే తీవ్రమైన ప్రీఎక్లాంప్సియా, నెలలు నిండకముందే చేయాల్సిన కాన్పులు తగ్గాయి. బిడ్డ బరువు మీద చెడు ప్రభావం కనపడలేదు.

"కడుపుతో ఉన్నప్పుడు మాత్రలేవీ మింగకూడదు" అని ఇంట్లో పెద్దవాళ్ళు అంటారు. వాళ్ళను కాదనలేక మాత్రను చెత్తబుట్టలో వేసి, వేసుకున్నానని చెప్పేవాళ్ళూ ఉన్నారు. అత్తగారినో అమ్మనో ఒకసారి డాక్టరు దగ్గరకు వెంట తీసుకెళితే ఈ గొడవ చాలావరకు తీరుతుంది. పై అంకె 160 గానీ, కింది అంకె 110 గానీ దాటితే రేపటిదాకా చూడకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

షుగర్ వల్ల మూత్రంలో ప్రోటీన్ బాగా పోతోంది. రామిప్రిల్ ఆపితే కిడ్నీలు పాడవుతాయని నెఫ్రాలజిస్టు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటా. "ముందే ఆపాలి" అన్న నియమానికి ఉన్న ముఖ్యమైన మినహాయింపు ఇదే. గర్భం రావడానికి ఏడాది పట్టొచ్చు. ఆ ఏడాదంతా ఈ మందు లేకపోతే కిడ్నీకి నష్టం. అందుకే ప్రోటీన్ ఎక్కువగా పోతున్నవాళ్ళకు, నెలసరి క్రమంగా వస్తుంటే, ప్రెగ్నెన్సీ టెస్ట్ పాజిటివ్ వచ్చేదాకా ఏస్ ఇన్హిబిటర్ కొనసాగించి, గీత కనపడిన రోజే ఆపే పద్ధతి ఉంది. "సార్టన్" రకానికి ఈ వెసులుబాటు సాధారణంగా ఇవ్వరు. వాటిని ముందే ఆపేస్తారు, లేదా "ప్రిల్" రకానికి మారుస్తారు.

దీనికి క్రమశిక్షణ కావాలి. నెలసరి రెండు మూడు రోజులు ఆలస్యమైతే ఇంట్లోనే టెస్ట్ చేసుకోవాలి. మందు ఆపిన రోజు బదులుగా ఏం మొదలుపెట్టాలో చీటీ ముందే రాయించుకుని ఉంచుకోవాలి. నెలసరి ఎప్పుడొస్తుందో తెలియనివాళ్ళకు ఈ దారి పనికిరాదు.

తెలియకుండానే గర్భం వచ్చేసింది. ఏడో వారం. టెల్మిసార్టన్ వేసుకుంటూనే ఉన్నాను. తీయించుకోవాలా?

అక్కర్లేదు. దీని ఒక్కదాని కోసం గర్భం తీయించుకోమని చెప్పడానికి ఆధారం లేదు. చేయాల్సిందల్లా ఈరోజే డాక్టరుకు ఫోన్ చేసి మందు మార్పించుకోవడం. బ్రిటన్ మార్గదర్శకాలు గర్భం సంగతి తెలిసిన రెండు పనిదినాల్లోపు ఆపమంటాయి. ఇది శనివారం రాత్రి తెలిస్తే సోమవారం దాకా టెన్షన్ పడుతూ కూర్చోనక్కర్లేదు, విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో ప్రసూతి విభాగం ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

తర్వాత 18 నుంచి 20 వారాల మధ్య టిఫా స్కాన్ తప్పకుండా చేయించుకోండి. ఏ మందు, ఏ వారం వరకు వేసుకున్నారో స్కాన్ చేసే డాక్టరుకు ముందే చెప్పండి. వాళ్ళు గుండె, కిడ్నీలు ఇంకాస్త శ్రద్ధగా చూస్తారు.

ఐదో నెల దాటాక తెలిస్తే?

అప్పుడు విషయం తీవ్రమైనదే. వెంటనే మార్చాలి, ఉమ్మనీరు కొలవాలి. రిపోర్టులో ఏఎఫ్ఐ అని ఉండే అంకె 5 సెంటీమీటర్లు, అంతకంటే తక్కువైతే నీరు తక్కువని లెక్క. మందు ఆపాక కొన్ని వారాల్లో నీరు తిరిగి పెరిగిన సందర్భాలున్నాయి. అయితే నీరు మామూలుగా ఉందని కిడ్నీలు పూర్తిగా క్షేమమని చెప్పలేం. కాబట్టి స్కాన్లు మళ్ళీమళ్ళీ చేస్తారు, కాన్పు పిల్లల ఐసీయూ ఉన్న చోట పెట్టుకోమంటారు. పుట్టాక బిడ్డ బీపీ, మూత్రం, క్రియాటినిన్ చూస్తారు.

ఇలా ఆలస్యంగా బయటపడే దారి ఒకటి మన దగ్గర ప్రత్యేకంగా ఉంది. ఏడో నెలలో సీమంతం అయ్యాక అమ్మాయి తెనాలిలోనో నరసరావుపేటలోనో ఉన్న పుట్టింటికి వెళుతుంది. కొత్త మాత్రలు అయిపోతాయి. వాళ్ళ నాన్న ఇంట్లో పాత చీటీ దొరికితే పట్టుకెళ్ళి అదే టెల్మిసార్టన్ తెస్తారు. షాపతను అడగడు. మందు మార్చిన రోజే పాత చీటీ మీద అడ్డంగా గీత కొట్టి, మిగిలిన మాత్రలు పారేయండి.

మావారు లోసార్టన్ వాడుతున్నారు. ఆయనా మార్చుకోవాలా?

వద్దు. బిడ్డకు మందు చేరేది తల్లి రక్తంలోంచి మాయ ద్వారా.

ఆస్పిరిన్ కూడా వేసుకోమన్నారు. రక్తం పలచబడదా?

ముందునుంచీ బీపీ ఉన్నవాళ్ళకు ప్రీఎక్లాంప్సియా ముప్పు ఎక్కువ. దాన్ని తగ్గించడానికి చిన్న మోతాదు ఆస్పిరిన్, 75 నుంచి 150 మిల్లీగ్రాములు, రాత్రిపూట, 12వ వారం నుంచి ఇస్తారు. 16వ వారం లోపు మొదలుపెడితేనే ఎక్కువ ప్రయోజనం. ఇంత చిన్న మోతాదు బిడ్డ కిడ్నీల జోలికి పోదు. ఒళ్ళునొప్పులకు షాపులో కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి మాత్రం ఐదో నెల నుంచి ఉమ్మనీరును తగ్గించగలవు. వాటిని మీ అంతట మీరు వేసుకోవద్దు.

కాన్పు తర్వాత పాత మందుకు వెళ్ళొచ్చా?

బాలింతకు మొదటి వారంలో, ముఖ్యంగా మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య బీపీ బాగా పెరగొచ్చు. అప్పటికి చాలామంది ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసి ఉంటారు. కాబట్టి ఇంట్లో బీపీ మిషన్ ఉండాలి. పాలిచ్చే తల్లికి ఎనలాప్రిల్ ఇవ్వొచ్చు, పాలల్లోకి చాలా తక్కువగానే వెళుతుంది. నెలలు తక్కువ పుట్టిన బిడ్డ అయితే పిల్లల డాక్టరును అడిగి మొదలుపెడతారు. టెల్మిసార్టన్ విషయంలో పాలిచ్చేవాళ్ళ అనుభవం తక్కువ కాబట్టి, పాలు మాన్పించేదాకా ఆగమంటారు. మిథైల్‌డోపా వాడి ఉంటే కాన్పయిన రెండు రోజుల్లోపు దాన్ని ఆపి ఇంకోటి ఇస్తారు, దిగులు పెంచుతుందని.

ఎనలాప్రిల్ మొదలుపెట్టిన రోజు నుంచే రెండో బిడ్డ లెక్క కూడా మొదలవుతుంది. పాలిస్తున్నాం కదా గర్భం రాదులే అనుకుని, నెలసరి ఇంకా రాకముందే మళ్ళీ గర్భం దాల్చేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు నెల తప్పిన గుర్తు కూడా ఉండదు. ఎనలాప్రిల్ చీటీ, గర్భనిరోధం చీటీ ఒకే రోజు రాయించుకోండి.